డాలర్ల కుండ అడుగంటిన వేళ: 1991లో ఎవరు పారిపోయారు, ఎవరు కట్టారు

మొన్న ఒక ఎస్సీ హాస్టల్లో పిల్లలతో మాట్లాడుతుంటే డిగ్రీ కుర్రాడొకడు లేచి అడిగాడు. "అన్నా, రిజర్వ్ బ్యాంకు దగ్గర 70 వేల కోట్ల డాలర్లు మూలుగుతున్నాయని పేపర్లో చదివాను. మా మెస్ చార్జీలు పెంచడానికి అందులోంచి ఓ పిడికెడు తీయలేరా?" అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వొచ్చే ప్రశ్న అనిపించలేదు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా విదేశీ మారక నిల్వలంటే సర్కారు వారి ఇనప్పెట్టె అనుకుంటారు. ఆ పెట్టె ఎవరిదో, ఎలా నిండుతుందో, ఎలా ఖాళీ అవుతుందో తెలియాలంటే 1991కి వెళ్ళాలి. అందుకే ఈ భాగం.

ముందు పెట్టె సంగతి. కువైట్‌లో ఓ ఇంట్లో పాచిపని చేసే మనిషి నెల జీతంలోంచి కొంత ఇంటికి పంపుతుంది. ఆమె దినార్లు అక్కడి బ్యాంకులో డాలర్లవుతాయి. ఆ డాలర్లు మన బ్యాంకుకు విదేశాల్లో ఉండే ఖాతాలో పడతాయి. ఇక్కడ ఆమె అమ్మకో మొగుడికో రూపాయలు చేతికొస్తాయి. ఆ డాలర్లతో మన బ్యాంకుకు అంత అవసరం లేకపోతే రిజర్వ్ బ్యాంకుకు అమ్ముతుంది. రిజర్వ్ బ్యాంకు రూపాయలిచ్చి డాలర్లు కొంటుంది. అలా పోగైనవే నిల్వలు. వాటిలో పెద్ద భాగం అమెరికా సర్కారు బాండ్లలోను, ఇతర దేశాల కేంద్ర బ్యాంకుల్లో డిపాజిట్లుగాను ఉంటుంది. కొంత బంగారం ఉంటుంది. ఐఎంఎఫ్ దగ్గర మన వాటా కింద కొంత ఉంటుంది.

గమనించండి, ఆ డాలరుకు బదులుగా రూపాయి అప్పటికే బయటికి వెళ్ళిపోయింది. ఆమె తల్లి ఆ రూపాయితో బియ్యం కొనేసింది. కాబట్టి ఆ డాలరు సర్కారు కూడబెట్టిన పన్ను సొమ్ము కాదు. మెస్ చార్జీలు రూపాయల్లో కట్టేవి. వాటికి డాలర్ల పెట్టె తెరవక్కర్లేదు, బడ్జెట్ తెరవాలి. సబ్‌ప్లాన్ నిధులు ఎటు పోతున్నాయో అడగాలి. ఆ కుర్రాడికి అదే చెప్పాను.

మరి పెట్టె ఎందుకు? మనం రూపాయలు అచ్చేసుకోగలం, డాలర్లు అచ్చేసుకోలేం. ముడిచమురు అమ్మేవాడు రూపాయి తీసుకోడు. ఎరువులకు కావాల్సిన ముడిసరుకు, కొన్ని మందులు, యంత్రాల విడిభాగాలు, పాత అప్పుల వడ్డీలు, అన్నీ డాలర్లే. దేశంలోకి వచ్చే డాలర్లు, బయటికి పోయే డాలర్లు ఏ రోజుకారోజు సరిపోవు. వానాకాలం చెరువు నింపుకుని వేసవిలో వాడుకున్నట్టు, ఆ తేడా తట్టుకోవడానికే నిల్వ. రెండో పని ఇంకొకటుంది. నిల్వ కనబడుతుంటేనే అప్పిచ్చేవాడు ధైర్యంగా ఇస్తాడు. షావుకారు గాదె వైపు చూసే కదా చేబదులిస్తాడు. గాదె అడుగు కనబడగానే అడగనివాడు కూడా తన బాకీ అడుగుతాడు. అందుకే నిల్వ కరగడం మెల్లగా మొదలై ఒక్కసారిగా ముగుస్తుంది.

1990 ఆగస్టు చివర్లో రిజర్వ్ బ్యాంకు దగ్గర విదేశీ కరెన్సీ సుమారు 311 కోట్ల డాలర్లు. 1991 జనవరి 16 నాటికి అది దాదాపు 90 కోట్లు. నాలుగున్నర నెలలు పట్టింది, అంతే.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక చిన్న లెక్క చాలు. ఆ ఏడాది మన దిగుమతుల బిల్లు సుమారు 2,400 కోట్ల డాలర్లు. అంటే నెలకు 200 కోట్లు. రోజుకు ఆరున్నర కోట్ల పైచిలుకు. 90 కోట్లున్నాయంటే రెండు వారాల సరుకుకు కూడా చాలవు. ఓడ గల్ఫ్‌లో బయల్దేరి ఇక్కడ సరుకు దించేలోపు డబ్బు అయిపోతుందన్నమాట.

ఎందుకలా జరిగిందంటే అందరూ సద్దాం హుస్సేన్ పేరు చెబుతారు. సగం నిజం. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. పీపా 17 డాలర్ల దరిదాపుల్లో ఉన్న చమురు రెండు మూడు నెలల్లో 35 దాటింది. బిల్లు ఒక్కసారిగా పెరిగింది. అటునుంచి వచ్చే జీతాల డబ్బు ఆగింది. ఆ ప్రాంతానికి మన ఎగుమతులూ ఆగాయి. అయితే యుద్ధం చిటారుకొమ్మను విరిచింది గానీ, వేరుపురుగు అంతకుముందే పట్టింది. 1980లంతా కేంద్రం రాబడికి మించి ఖర్చు పెట్టింది. ఎగుమతుల కంటే దిగుమతులు ఎక్కువ. ఆ తేడా పూడ్చడానికి విదేశాల్లో అప్పులు తెచ్చారు. మొదట్లో ప్రపంచ బ్యాంకు లాంటి చోట్ల తక్కువ వడ్డీకి, ఎక్కువ ఏళ్ళకు దొరికేవి. రానురాను ప్రైవేటు బ్యాంకుల దగ్గర ఎక్కువ వడ్డీకి, తక్కువ కాలానికి తెచ్చారు. చివరికి విదేశాల్లోని మన బ్యాంకు శాఖలు ఇవాళ రాత్రికి తెచ్చి రేపు మళ్ళీ తిరగరాసుకునే అప్పుల మీద కూడా నడిచాయి. రోజువారీ వడ్డీకి తెచ్చి కూరగాయల బండి నడిపేవాళ్ళ కష్టం మన పేటల్లో అందరికీ తెలుసు. దేశమంత బండి అలా నడిచిందని మాత్రం చాలామందికి తెలియదు.

అదే ఆగస్టు 7న వి.పి.సింగ్ మండల్ నివేదిక అమలు చేస్తామన్నారు. ఉద్యోగాలు పోతున్నాయని రోడ్లెక్కినవాళ్ళ గొడవే పేపర్ల నిండా. దేశం ఖజానాలోంచి రోజూ డాలర్లు జారిపోతున్న సంగతి లోపలి పేజీల్లో కూడా సరిగా కనపడలేదు. నవంబరులో ఆ ప్రభుత్వం పడిపోయింది. చంద్రశేఖర్ ప్రధాని అయ్యారు. మార్చి వచ్చేసరికి ఆయన మద్దతూ పోయింది, పూర్తి బడ్జెట్ కూడా పెట్టలేకపోయారు.

ఇక అసలు సంగతి. డాలర్లు బయటికి పోయిన దారుల్లో ఒకదాన్ని నేను వేలెత్తి చూపించదలచుకున్నాను.

1980ల్లో ప్రవాస భారతీయుల నుంచి డిపాజిట్లు రాబట్టడానికి సర్కారు ప్రత్యేక ఖాతాలు పెట్టింది. డాలర్లలోనే వేసుకోవచ్చు, డాలర్లలోనే తీసుకోవచ్చు. బయటి దేశాల్లో దొరికే వడ్డీ కంటే ఎక్కువ వడ్డీ. రూపాయి విలువ పడిపోతే ఆ నష్టం డిపాజిట్ వేసినవాడిది కాదు, మనదే. ఇంతకంటే మంచి బేరం ఎక్కడ దొరుకుతుంది? డబ్బు బాగానే వచ్చింది. దాన్ని చూపించి నిల్వలు గట్టిగా ఉన్నాయనుకున్నారు. కానీ ఆ డబ్బు పిట్ట లాంటిది. గింజలున్నంతసేపూ వాకిట్లో ఉంటుంది, చప్పుడైతే లేచిపోతుంది. 1990 అక్టోబరు నుంచి రేటింగ్ సంస్థలు భారత్ మార్కులు తగ్గించడం మొదలుపెట్టాయి. అప్పటినుంచే పిట్టలు లేవడం మొదలైంది. 1991 ఏప్రిల్, మే, జూన్, ఈ మూడు నెలల్లోనే ఆ ఖాతాల నుంచి నికరంగా సుమారు 95 కోట్ల డాలర్లు బయటికి పోయాయి.

ఆ అంకె గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దానితో పనుంది.

జీతాల డబ్బు సంగతి వేరు. కువైట్‌లో అప్పుడు సుమారు 1 లక్షా 70 వేల మంది మనవాళ్ళున్నారు. వాళ్ళలో పెద్ద ఉద్యోగులున్నారు, వ్యాపారులున్నారు. మన గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వెళ్ళిన ఇంటిపని ఆడవాళ్ళు, డ్రైవర్లు, మేస్త్రీలు కూడా ఉన్నారు. ఎయిర్ ఇండియా విమానాలు వందల సార్లు తిరిగి వాళ్ళను తెచ్చాయి. చాలామంది ఇరాక్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ చేరి అమ్మాన్‌లో విమానం ఎక్కారు. మా చిన్నమ్మ ఆ దారినే వచ్చింది. మూడేళ్ళ జీతంలో సగం ఆ ఇంటి యజమాని దగ్గరే ఉండిపోయింది. చేతిలో ఉన్న దినార్లు దారిలో ఎవరూ తీసుకోలేదట. ఆక్రమణ తర్వాత ఆ కాగితానికి విలువే లేకుండా పోయింది. బొంబాయిలో దిగేటప్పటికి ఆమె దగ్గర ఉన్నది ఒక దుప్పటి, ఒక పాస్‌పోర్టు. ఊరికొచ్చాక ఆమె అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు: "నాకు ఉంచుకోడానికి బ్యాంకే లేదురా అబ్బాయ్, ఇంక తీసుకోడం ఎక్కడ?"

దేశానికి డాలర్లు తెచ్చినవాళ్ళలో రెండు రకాలున్నారని చెప్పడానికే ఇది. ఒకరు డబ్బు దాచుకోవడానికి పంపారు, భయం వేయగానే వెనక్కి తీసుకున్నారు. ఇంకొకరు ఇంట్లో పొయ్యి వెలిగించడానికి పంపారు. అది పంపిన రోజే ఖర్చయిపోయింది, వెనక్కి తీసుకునే ప్రసక్తే లేదు. పుస్తకాల్లో మొదటిది అప్పు, రెండోది రాబడి. పెట్టెలో పడ్డాక రెండు డాలర్లూ ఒకేలా కనబడతాయి. మొత్తం అంకె ఒక్కటే చూసి మురిసిపోతే జరిగే ప్రమాదం ఇదే.

జీతగాళ్ళ డబ్బంతా పెట్టెలోకి వచ్చిందనుకోకండి, హుండీలో వచ్చేది చాలా ఉండేది. అక్కడ ఏజెంటుకు దినార్లిస్తే ఇక్కడ మనిషి ఇంటికొచ్చి రూపాయలిచ్చేవాడు, బ్యాంకు రేటు కంటే రెండు రూపాయలు ఎక్కువే ఇచ్చేవాడు. ఆ డాలరు రిజర్వ్ బ్యాంకు గడప తొక్కేది కాదు. బంగారం దొంగ రవాణాకు పోయేది. దేశంలో డాలర్లకు కటకట ఉందో లేదో తెలుసుకోవడానికి ఆ తేడానే మంచి గుర్తు. ఏజెంటు రేటుకూ బ్యాంకు రేటుకూ మధ్య దూరం పెరుగుతుంటే సర్కారు చెబుతున్న రేటును బజారు నమ్మడం లేదని అర్థం.

1991 జనవరిలో ఐఎంఎఫ్ నుంచి సుమారు 180 కోట్ల డాలర్లు తెచ్చారు. వేసవి వచ్చేసరికి అవీ ఆవిరే. దిగుమతులను గొంతు నొక్కి ఆపడం మొదలైంది. దానికి వాడిన పనిముట్టు గురించి చెప్పాలి, ఎందుకంటే నిల్వలు తగ్గినప్పుడు దెబ్బ ఎవరికి ముందు తగులుతుందో అక్కడ కనబడుతుంది. బయటినుంచి సరుకు తెప్పించుకునేవాడు బ్యాంకులో లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరుస్తాడు. అమ్మేవాడికి బ్యాంకు ఇచ్చే హామీ అది. మామూలుగా కొంత సొమ్ము ముందు కడితే సరిపోతుంది. 1990 అక్టోబరులో సరుకు విలువలో సగం నగదుగా బ్యాంకులో పెట్టాలన్నారు. 1991 మార్చిలో విలువకు మూడో వంతు అదనంగా, అంటే వందకు 133 పెట్టాలన్నారు. ఏప్రిల్‌లో వందకు 200. యంత్రాల లాంటి కొన్నింటికి మినహాయింపులున్నా, లక్ష రూపాయల ముడిసరుకు తెప్పించుకోవాలంటే రెండు లక్షలు బ్యాంకులో కట్టి కూర్చోవాలి. పెద్ద కంపెనీ ఎలాగో తట్టుకుంటుంది. పదిమందితో నడిచే చిన్న ఫ్యాక్టరీ షట్టర్ దించుతుంది. విడిభాగం రాక మిషన్ ఆగితే ముందు ఇంటికెళ్ళేది రోజుకూలీ. ఆ ఏడాది దేశంలో పారిశ్రామిక ఉత్పత్తి దాదాపు పెరగకుండా నిలిచిపోయింది. డాలర్లు కొంత మిగిలాయి, నిజమే. ఎవరి పని ఆపితే మిగిలాయన్నది ఆ లెక్కలో రాయరు.

మేలో బంగారం బయటికి తీశారు. మొదటి విడత స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నులు. అది దొంగ రవాణాదారుల దగ్గర ప్రభుత్వం పట్టుకున్న బంగారం. స్విట్జర్లాండ్ బ్యాంకుకు అమ్మారు, తర్వాత తిరిగి కొనుక్కునే వీలు పెట్టుకుని. సుమారు 20 కోట్ల డాలర్లు వచ్చాయి. హుండీ డబ్బుతో దొంగతనంగా దేశంలోకొచ్చిన బంగారమే దేశం పరువు కాపాడడానికి బయల్దేరిందంటే, విధి కూడా భలే జోకులు వేస్తుంది.

మే 21న రాజీవ్ గాంధీ హత్య. ఎన్నికలు వాయిదా. జూన్ 21న పి.వి.నరసింహారావు ప్రధాని, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రి. అప్పటికి పెట్టెలో ఉన్నది మళ్ళీ రెండు వారాల సరుకుకు సరిపడా మాత్రమే. జూలైలో రిజర్వ్ బ్యాంకు తన సొంత బంగారంలోంచి దాదాపు 47 టన్నులు నాలుగు విడతల్లో విమానాల్లో లండన్ పంపింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చింది. కాగితం రాసిస్తే చాలదా, సరుకు ఎందుకు మోయాలి అని అడగొచ్చు. అప్పిచ్చేవాడికి మన మాట మీద నమ్మకం లేనప్పుడు వస్తువు వాడి గదిలో ఉండాలి. మార్వాడీ కొట్టులో పుస్తెలతాడు పెట్టినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. రహస్యంగా జరిగిన ఆ పని జూలై 8న ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో శంకర్ అయ్యర్ రాసిన వార్తతో బయటపడింది. దేశమంతా గగ్గోలు.

ఇప్పుడు ఆ లెక్కలోకి రండి. 47 టన్నుల బంగారానికి వచ్చింది 40 కోట్ల డాలర్లు. రోజు దిగుమతి ఆరున్నర కోట్ల పైన. అంటే ఆ బంగారమంతా కలిపి ఆరు రోజుల దిగుమతి! అదే సమయంలో మూడు నెలల్లో ప్రవాసుల ఖాతాల నుంచి ఎగిరిపోయింది 95 కోట్లు. తాకట్టు సొమ్ముకు రెండింతల పైన. ఇంటి బంగారం పోయిందని అందరూ ఏడ్చారు. ఇంటి వెనక గోడకు పడిన కన్నం ఎంతదో ఎవరూ కొలవలేదు.

మరి ఆరు రోజుల సరుకు కోసం అంత అవమానం అవసరమా? అవసరమే అంటాను. అప్పు వాయిదా ఒక్కటి తప్పినా ఆ రోజుతో మిగతా అప్పులవాళ్ళంతా గుమ్మంలో ఉంటారు. ఎల్సీని ఏ విదేశీ బ్యాంకూ ఒప్పుకోదు. చమురు ఓడ రాదు. ఆ 40 కోట్లు కొన్నది సరుకును కాదు, కొన్ని వారాల గడువును. ఆ గడువులోనే మిగతా అప్పులు మాట్లాడుకున్నారు. భారత్ ఒక్క వాయిదా కూడా ఎగ్గొట్టలేదు. ఆ ఏడాది ముగిసేలోపు అప్పు తీర్చి బంగారాన్ని విడిపించారు.

ఇక రూపాయి విలువ తగ్గింపు. జూలై 1న కొంత, 3న ఇంకొంత తగ్గించారు. డాలరు సుమారు 21 రూపాయల నుంచి 26 దాకా పోయింది. మొదటి విడతకే గొడవ లేచేసరికి రెండోది ఆపమని పి.వి. అన్నారని, మన్మోహన్ సింగ్ ఫోన్ చేసేసరికి రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నర్ రంగరాజన్ అప్పటికే ప్రకటించేశారని చెబుతారు. ఎందుకు తగ్గించాలి? డాలరు కృత్రిమంగా చవగ్గా ఉంటే దిగుమతి ఎక్కువవుతుంది, ఎగుమతి తగ్గుతుంది, హుండీకి గిరాకీ పెరుగుతుంది. నిల్వలుంటే సర్కారు డాలర్లు అమ్మి ఆ రేటు నిలబెట్టగలదు. లేనప్పుడు ఆ రేటు కాగితం మీదే ఉంటుంది.

ఇక్కడ బాబాసాహెబ్ దగ్గరికి వెళ్ళక తప్పదు. ఆయన మనవాడని కాదు, ఈ విషయం మీద పనిచేసినవాడని. 1923లో లండన్‌లో అచ్చయిన 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రుపీ' ఆయన డాక్టరేట్ పరిశోధన. అప్పట్లో మన రూపాయి రేటును నిలబెట్టే నిల్వ లండన్‌లో ఉండేది. రూపాయి నాణేలు ముద్రించగా వచ్చిన లాభాన్ని పోగుచేసి బ్రిటిష్ బాండ్లలో పెట్టేవాళ్ళు. ఈ ఏర్పాటు బాగుందని కీన్స్ అంతటివాడు 1913లో పుస్తకం రాశాడు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. పాలకుల చేతికి అదుపు లేని నోట్ల ముద్రణ ఇచ్చి, రేటు మాత్రం నిలబెడతామంటే లోపల ధరలు లేస్తాయన్నారు. బయట రేటు కంటే లోపల రూపాయికి ఎంత సరుకొస్తుందన్నదే జనానికి ముఖ్యమన్నారు. 1925లో వచ్చిన హిల్టన్ యంగ్ కమిషన్ ముందు కూడా ఇదే వాదన. రూపాయి రేటు తగ్గిస్తే ఎగుమతి పెరుగుతుందని మిల్లు యజమానులు, వర్తకులు కోరుతుంటే, ఆ లాభం ఎక్కడినుంచి వస్తుందో ఆయన చూపించారు. రేటు పడితే ధరలు ముందు పెరుగుతాయి, కూలి వెనక నడుస్తుంది. ఆ మధ్య దూరమే యజమాని లాభం.

(అంబేడ్కరే రిజర్వ్ బ్యాంకు పెట్టారని మనవాళ్ళు పోస్టులు పెడుతుంటారు. ఆ కమిషన్ సిఫార్సు నుంచి 1935లో బ్యాంకు వచ్చింది, ఆ కమిషన్ ముందు ఆయన సాక్ష్యమిచ్చారు. ఆ మాట చాలు. లేనిది కలిపితే ఉన్నదాన్ని కూడా నమ్మరు.)

1991లో జరిగింది ఆ వాదనకు కొలమానమా అన్నట్టు ఉంటుంది. ఆగస్టు నాటికి టోకు ధరల పెరుగుదల దాదాపు 17 శాతానికి చేరింది. ఆ ఏడాది వ్యవసాయ కూలీల ధరల సూచిక టోకు ధరల కంటే ఎక్కువగా పెరిగింది, ఎందుకంటే కూలివాడి ఖర్చులో తిండే పెద్ద భాగం. జూలై 24 బడ్జెట్లో ఎరువుల ధర 40 శాతం పెంచారు, గొడవల తర్వాత 30కి దించారు. డిసెంబరు చివర్లో రేషన్ బియ్యానికి కేంద్రం తీసుకునే ధర క్వింటాకు 289 నుంచి 377 రూపాయలైంది. మన రాష్ట్రంలో 2 రూపాయల బియ్యం తర్వాత 3.50 అయింది. అది 1994 ఎన్నికల్లో ఎంత పెద్ద మాట అయ్యిందో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అయితే రేటు తగ్గించకుండా ఉండాల్సిందా అంటే, ఆ జూలైలో పెట్టె ఖాళీగా పెట్టుకుని ఆ మాట అనడం తేలిక. నా అభ్యంతరం తగ్గించడం మీద కాదు. తగ్గించిన రోజే కూలి రేటును, రేషన్‌ను కాపాడే ఏర్పాటు చేయకపోవడం మీద. రేషన్ సబ్సిడీ రూపాయల్లో ఇచ్చేది. దానికి డాలర్ల కొరత సాకు కాదు, లోటు తగ్గించాలన్న ఒత్తిడిలో ఎవరి ఖర్చు ముందు కోయాలన్న ఎంపిక అది.

ఆ ఎంపిక ఎటు మొగ్గిందో ఇంకో సంగతి చెబుతుంది. ఆ అక్టోబరులో స్టేట్ బ్యాంకు ప్రవాసుల కోసం ఇండియా డెవలప్‌మెంట్ బాండ్లు తెచ్చింది. మంచి వడ్డీ. డబ్బు ఎక్కడిదని అడగబోమని చట్టమే చేశారు. 160 కోట్ల డాలర్లు వచ్చాయి. పెట్టె నిండింది, 1992 మార్చికి విదేశీ కరెన్సీ 560 కోట్ల డాలర్లు. ఏప్రిల్‌లో లేచిపోయిన పిట్టలకు అక్టోబరులో కొత్త గింజలు చల్లారు. మా చిన్నమ్మ లాంటివాళ్ళు నష్టపరిహారం కోసం ఐక్యరాజ్యసమితి కమిషన్‌కు పెట్టుకున్న దరఖాస్తులకు డబ్బులు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

పాఠం నేర్చుకోలేదని మాత్రం అనను. రంగరాజన్ అధ్యక్షతన వేసిన కమిటీ, దానికి మన కడప జిల్లా వాడైన వై.వి.రెడ్డి కార్యదర్శి, నిల్వలు ఎన్ని నెలల దిగుమతికి సరిపోతాయన్న లెక్క ఒక్కటే చాలదని 1993లో చెప్పింది. ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులు, ఎప్పుడైనా వెనక్కి పోగల డబ్బు, ఇవన్నీ కలిపి చూడాలంది. తక్కువ గడువు అప్పులకు కళ్ళెం వేశారు. ప్రవాసుల డిపాజిట్ల మీద రూపాయి నష్టం ప్రభుత్వం మోసే పద్ధతి మెల్లగా ఆపారు. 1997లో థాయిలాండ్, ఇండోనేషియా కూలినప్పుడు మనం నిలబడ్డామంటే ఆ జాగ్రత్త ఒక కారణం.

ఇప్పుడు ప్రతి శుక్రవారం రిజర్వ్ బ్యాంకు నిల్వల అంకె విడుదల చేస్తుంది. 2024 సెప్టెంబరు చివర్లో అది 70 వేల కోట్ల డాలర్లు దాటింది. హాస్టల్ కుర్రాడు చదివింది అదే. ఆ అంకె పక్కన ఇంకో రెండు వెతుక్కుని చదవండి: ఏడాదిలోపు తీర్చాల్సిన విదేశీ అప్పు ఎంత, షేర్ మార్కెట్లోకి వచ్చి ఒక్క బటన్ నొక్కితే వెళ్ళిపోగల డబ్బు ఎంత. మన నిల్వలు చైనా వాళ్ళవిలా ఎగుమతుల మిగులుతో వచ్చినవి కావు. దిగుమతుల్లో మనకు ఇప్పటికీ లోటే. ఆ లోటును పెద్దగా పూడుస్తున్నది సాఫ్ట్‌వేర్ ఎగుమతులు, బయట పనిచేసేవాళ్ళు ఇంటికి పంపే డబ్బు. అంటే అమెరికాలో మన ఇంజినీరూ, గల్ఫ్‌లో మన మేస్త్రీ, ఇంటిపని చేసే ఆడమనిషీ.

బంగారం సంగతి కూడా తెలుసుకోండి. 2009లో రిజర్వ్ బ్యాంకు ఐఎంఎఫ్ దగ్గర 200 టన్నులు సొంతంగా కొన్నది. 2024లో 100 టన్నులు ఇంగ్లండ్ నుంచి విమానాల్లో ఇంటికి తెచ్చుకుంది. అయినా ఆ మార్చి లెక్క ప్రకారం అప్పుడు మనకున్న 822 టన్నుల్లో దాదాపు సగం బయటి దేశాల ఖజానాల్లోనే ఉండేది. అక్కడుంటే అమ్మకానికి, తాకట్టుకు తేలిక అన్నది దానికి చెప్పే కారణాల్లో ఒకటి.

వచ్చే భాగంలో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు బాబాసాహెబ్‌ను ఏమడిగారు, ఆయన ఏం జవాబిచ్చారు, వరుసగా చూద్దాం. జై భీమ్.